విటపానికి తగిలే మూగదెబ్బ (సైకిల్ బార్ దెబ్బ)

కాళ్లు చెరోవైపు ఉండగా గట్టి వస్తువుపై పడినప్పుడు తొడల నడుమనున్న మెత్తని భాగం నలిగి ఏర్పడే గాయాన్ని విటపానికి తగిలే మూగదెబ్బ అంటారు. జననాంగాలకూ మలద్వారానికీ మధ్యనున్న ప్రదేశమే విటపం. దీనినే మూలాధారం అని కూడా అంటారు. సైకిలు తొక్కుతుండగా కాలు జారి సీటు ముందున్న అడ్డ గొట్టంపై పడటం ఈ గాయానికి బాగా తెలిసిన కారణం. ప్రహరీ గోడ, ఇనుప గేటు, చెట్టుకొమ్మ, మంచం పట్టె, మూత తొలగిన మురుగు గుంత అంచు వంటి వాటిపై పడినప్పుడు కూడా ఇదే విధమైన గాయం అవుతుంది.

ఈ గాయాలలో ఎక్కువ భాగం చర్మం కమలడంతోనే ఆగి, ఒకటి రెండు వారాలలో తగ్గిపోతాయి. అయితే కొన్నింటిలో, ముఖ్యంగా మగవారిలో, మూత్రం బయటకు వచ్చే గొట్టమైన ప్రసేకం చిట్లుతుంది. పైకి చర్మం చెక్కుచెదరకుండా కనిపించినా లోపల ప్రసేకం తెగి ఉండవచ్చు. కాబట్టి గాయం తీవ్రతను తెలిపేది నొప్పి కాదు, కమిలిన మచ్చ పరిమాణమూ కాదు. మూత్రద్వారం వద్ద రక్తం కనిపించడం, మూత్రం రాకపోవడం అనే రెండే ప్రధానమైన గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది అత్యవసర పరిస్థితి.

## గాయం ఏర్పడే తీరు

పెద్దవారైన పురుషులలో ప్రసేకం సుమారు 20 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అది మూత్రాశయం నుండి బయలుదేరి, పురుషగ్రంథి గుండా దిగి, కటి అడుగునున్న కండరాలను దాటి, విటపంలోకి వచ్చి అక్కడ ముందుకు వంపు తిరిగి శిశ్నంలోకి ప్రవేశిస్తుంది. ఈ వంపు వద్ద ప్రసేకం చుట్టూ స్పంజి వంటి రక్తమయ కణజాలం ఉబ్బెత్తుగా ఉంటుంది. అందువలన దీనిని ప్రసేకపు ఉబ్బు భాగం అంటారు. శిశ్నంలోని ప్రసేకం వేలాడుతూ కదులుతుంది కాబట్టి దెబ్బ నుండి చాలావరకు తప్పించుకుంటుంది. ఉబ్బు భాగం మాత్రం పొత్తికడుపు కింద ముందువైపు తగిలే జఘనాస్థికి సరిగ్గా దిగువన, కదలకుండా కట్టివేసినట్లు ఉంటుంది.

మనిషి గొట్టంపై పడినప్పుడు అతని శరీరపు బరువంతా విటపంపైనే పడుతుంది. కింద ఇనుప గొట్టం, పైన జఘనాస్థి ఉండగా, రెండింటి మధ్య ప్రసేకం రోకటికీ రోలుకూ మధ్య పడిన గింజ వలె నలుగుతుంది. ఒక్కొక్కసారి గోడ కమిలి వాస్తుంది. ఒక్కొక్కసారి గోడలో కొంత భాగం చిరుగుతుంది. తీవ్రమైన దెబ్బలో ప్రసేకం పూర్తిగా తెగి రెండు కొనలు విడిపోతాయి.

కారు ప్రమాదాలలో కటి ఎముకలు విరిగినప్పుడు కూడా ప్రసేకం తెగుతుంది గానీ, ఆ తెగుడు సాధారణంగా ఇంకా పైన, పురుషగ్రంథికి దగ్గరలో ఉంటుంది. సైకిల్ బార్ దెబ్బలో సాధారణంగా ఎముకలు విరగవు. మనిషి లేచి నడుస్తాడు. గాయాన్ని తేలికగా తీసుకోవడానికి ఇదే ప్రధాన కారణం.

## కమలడం, రక్తం వ్యాపించే తీరు

దెబ్బ తగిలిన కొద్ది గంటలలో విటపంపై ఎర్రని లేదా నల్లని కమిలిన మచ్చ ఏర్పడుతుంది. చర్మం కిందనున్న చిన్న రక్తనాళాలు చిట్లడం దీనికి కారణం. మరుసటి రోజుకు మచ్చ పెద్దదై, ఊదారంగుకు, తరువాత ఆకుపచ్చ, పసుపు రంగులకు మారుతూ రెండు వారాలలో మాయమవుతుంది. వృషణాల తిత్తి చర్మం వదులుగా ఉండటం వలన రక్తం సులభంగా అందులోకి దిగుతుంది. కనుక రెండవ రోజున తిత్తి నల్లబడినంత మాత్రాన గాయం ముదిరినట్లు కాదు. వాపు, నొప్పి, మచ్చ మూడూ పెరుగుతూనే ఉంటే మాత్రం లోపల రక్తస్రావం ఆగలేదని భావించాలి.

మచ్చ ఆకారం కూడా వైద్యునికి కొంత సమాచారం ఇస్తుంది. ప్రసేకాన్నీ, స్పంజి కణజాలాన్నీ చుట్టి ఒక దృఢమైన పొర ఉంటుంది. ఆ పొర చిరగకపోతే రక్తం శిశ్నం వరకే పరిమితమవుతుంది. చిరిగితే రక్తం, దానితోపాటు మూత్రం కూడా, చర్మానికి దిగువనున్న రెండవ పొర కిందికి చేరుతుంది. ఈ రెండవ పొరను తొలిసారి వివరించిన ఐర్లండు శస్త్రవైద్యుడు అబ్రహాం కాలిస్ (1773–1843) పేరుతో కాలిస్ పొర అంటారు. అది ఇరువైపులా ఎముకకూ, తొడల పైభాగానికీ అతుక్కొని ఉంటుంది. అందువలన రక్తం తొడలలోకి దిగదు. విటపంలో రెండు వైపులా రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో వ్యాపించి, తిత్తిలోకీ, అక్కడి నుండి పొత్తికడుపు చర్మం కిందికీ పాకుతుంది. సీతాకోకచిలుక ఆకారపు మచ్చ కనిపిస్తే ప్రసేకం చిరిగి ఉండవచ్చని వైద్యులు అనుమానిస్తారు. అయితే ఈ మచ్చ ఏర్పడటానికి సమయం పడుతుంది. మొదటి గంటలలో అది కనిపించనంత మాత్రాన ప్రసేకం క్షేమంగా ఉన్నట్లు కాదు.

## మూత్ర విసర్జనలో ఇబ్బంది

దెబ్బ తరువాత మూత్రం రాకపోవడానికి మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. మొదటిది నొప్పి, భయం. దీనివలన మూత్రద్వారాన్ని మూసి ఉంచే కండరం బిగుసుకుపోతుంది. చిన్నపిల్లలలో ఇది ఎక్కువ. నొప్పి తగ్గగానే మూత్రం వస్తుంది. రెండవది వాపు. ప్రసేకం చిరగకపోయినా చుట్టూ చేరిన రక్తం గొట్టాన్ని నొక్కివేస్తుంది. మూడవది ప్రసేకమే చిరగడం లేదా తెగడం. ఇందులో మూత్రం రావాలనే కోరిక తీవ్రంగా ఉంటుంది, పొత్తికడుపు ఉబ్బుతుంది, కానీ ఒక్క చుక్క కూడా రాదు, లేదా రక్తపు చుక్కలు మాత్రమే వస్తాయి.

ఈ మూడింటినీ ఇంట్లో వేరుచేయడానికి ఉపయోగపడే గుర్తు రక్తం. మూత్రద్వారపు కొనలో రక్తం కనిపించినా, లోదుస్తులపై ఎర్రని మరక ఉన్నా, మూత్రధార మొదట్లో రక్తం వచ్చి తరువాత తేటపడినా, గాయం ప్రసేకంలో ఉందని అనుమానించాలి. రక్తం కొంచెమే ఉంది కాబట్టి గాయం చిన్నదని అనుకోరాదు. పూర్తిగా తెగిన ప్రసేకం నుండి కూడా కొద్దిపాటి రక్తమే బయటకు రావచ్చు. మూత్రం వచ్చినంత మాత్రాన ప్రమాదం లేదని కూడా చెప్పలేము. పాక్షికంగా చిరిగినప్పుడు మూత్రం రక్తంతో కలిసి వస్తూనే ఉంటుంది.

రక్తం కనిపించిన వ్యక్తి ముక్కి మూత్రం పోయడానికి ప్రయత్నించరాదు. అలా చేస్తే ఒత్తిడికి మూత్రం చిరుగు గుండా చుట్టుపక్కల కణజాలంలోకి చిమ్ముతుంది. అక్కడ చేరిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరిగితే చీముగడ్డ ఏర్పడుతుంది, కొన్ని సందర్భాలలో చర్మం, కండరం కుళ్లిపోయే ప్రాణాంతకమైన అంటువ్యాధి కూడా రావచ్చు. మూత్రం రావడం లేదని ఎక్కువ నీళ్లు తాగించడం మరొక సాధారణమైన పొరపాటు. దారి మూసుకొనిపోయినప్పుడు తాగిన నీరు మూత్రాశయాన్ని మరింత ఉబ్బించి బాధను పెంచుతుంది.

## బాలికలు, స్త్రీలలో

స్త్రీలలో ప్రసేకం సుమారు 4 సెంటీమీటర్ల పొడవు మాత్రమే ఉండి, ఎముక వెనుక కొంత రక్షణలో ఉంటుంది. కాబట్టి ఈ దెబ్బలో అది చిరగడం అరుదు. బయటి పెదవులకు మాత్రం రక్తప్రసరణ ఎక్కువ. అవి ఎముకపై నలిగినప్పుడు రక్తం చేరి, సాధారణంగా ఒకవైపున, గట్టిగా ఉబ్బిన నెత్తుటి గడ్డ ఏర్పడుతుంది. గడ్డ మూత్రద్వారాన్ని పక్కకు నెట్టినా, గీరుకుపోయిన చర్మంపై మూత్రం పడి మండుతున్నా బాలికలు మూత్రాన్ని ఆపుకుంటారు. తొట్టిలో గోరువెచ్చని నీటిలో కూర్చొని, లేదా ఆ భాగంపై నీరు పోస్తూ మూత్రం పోస్తే మంట తగ్గుతుంది.

సైకిల్ బార్ దెబ్బ ముందు భాగంలో, బయటి పెదవులపై, ఒక పక్కన ఉండటం సాధారణం. గాయం వెనుక భాగంలో, యోని లోపల లేదా మలద్వారం వద్ద ఉన్నప్పుడు, చెప్పిన సంఘటనకూ గాయానికీ పొంతన లేనప్పుడు, వైద్యులు ఇతర కారణాలను కూడా పరిశీలించవలసి ఉంటుంది. మొన గల వస్తువు గుచ్చుకొని ఉండవచ్చు, లేదా లైంగిక దాడి జరిగి ఉండవచ్చు. భారతదేశంలో లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం, 2012 ప్రకారం 18 సంవత్సరాల లోపు వారిపై అటువంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. బాలురకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

## ప్రథమ చికిత్స

గాయపడిన వ్యక్తిని పడుకోబెట్టి, లోదుస్తులపై రక్తపు మరక ఉందో లేదో చూడాలి. సిగ్గు వలన పిల్లలు ఈ విషయం చెప్పరు. కాబట్టి పెద్దలు అడిగి తెలుసుకోవాలి. మంచు ముక్కలను పలుచని గుడ్డలో చుట్టి 15 నుండి 20 నిమిషాల పాటు ఆ భాగంపై ఉంచి, కొంత విరామం తరువాత మళ్లీ ఉంచవచ్చు. మొదటి ఒకటి రెండు రోజులు చల్లదనమే వాడాలి. వేడి కాపడం ఈ దశలో రక్తస్రావాన్ని పెంచుతుంది. చర్మం చీరి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. గుచ్చుకొని ఉన్న వస్తువును లాగివేయరాదు.

నొప్పికి వయసు, బరువులను బట్టి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది కాబట్టి వాడరాదు. ఉబ్బిన నెత్తుటి గడ్డను సూదితో గుచ్చడం, పిండడం, సున్నం లేదా ఆకు పసరు పూయడం అంటువ్యాధికి దారి తీస్తాయి. గడ్డను తోమి మర్దన చేయడం కూడా హానికరమే. ఆసుపత్రికి వెళ్లవలసిన పరిస్థితి ఉంటే ఆహారం, పానీయాలు ఇవ్వకుండా ఉంచాలి. మత్తు ఇచ్చి చికిత్స చేయవలసి వస్తే ఖాళీ కడుపు అవసరం.

## ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి

కింది గుర్తులలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే వరకు వేచి ఉండకుండా, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 108 సంఖ్యకు ఫోను చేసి అంబులెన్సును పిలవవచ్చు.

* మూత్రద్వారం వద్ద, లోదుస్తులపై లేదా మూత్రంలో రక్తం
* మూత్రం రావాలనిపించినా రాకపోవడం, పొత్తికడుపు ఉబ్బడం
* వేగంగా పెరుగుతున్న వాపు, లేదా సీతాకోకచిలుక ఆకారపు మచ్చ
* వృషణంలో తీవ్రమైన నొప్పి, తిత్తి గట్టిపడటం, వాంతులు
* యోని నుండి లేదా మలద్వారం నుండి రక్తస్రావం
* అదిమి పట్టినా ఆగని రక్తస్రావం, లోతైన చీలిక
* నడవలేకపోవడం, తుంటి వద్ద నొప్పి

వీటిలో ఏదీ లేకుండా, మూత్రం తేటగా, ధారగా వస్తే ఇంటివద్దనే కనిపెట్టి ఉండవచ్చు. దెబ్బ తగిలి 6 నుండి 8 గంటలు గడిచినా మూత్రం పోయకపోతే మాత్రం రక్తం కనిపించకపోయినా వైద్యునికి చూపించాలి. తరువాతి రోజులలో జ్వరం, చర్మం ఎర్రబడి కాలడం, దుర్వాసన వస్తే అది అంటువ్యాధికి సూచన. అప్పుడు కూడా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

## పరీక్షలు, చికిత్స

మూత్రం రాని రోగికి సాధారణంగా ప్రసేకం గుండా కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని మూత్రాశయంలోకి పంపుతారు. ప్రసేకం చిరిగిందనే అనుమానం ఉన్నప్పుడు మాత్రం పరీక్ష చేయకుండా గొట్టాన్ని బలవంతంగా నెట్టరాదు. అలా నెడితే గొట్టం కొన చిరుగులో దూరి తప్పుడు దారి చేయవచ్చు. పాక్షికంగా చిరిగిన గోడ పూర్తిగా తెగిపోవచ్చు. అందుచేత ముందుగా మూత్రద్వారం గుండా ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని కొద్దిగా పంపి చిత్రం తీస్తారు. ద్రవం సాఫీగా మూత్రాశయంలోకి చేరితే ప్రసేకం చిరగలేదు. కొంత బయటకు కారి, కొంత లోపలికి వెళితే పాక్షికంగా చిరిగింది. అంతా బయటకే కారితే పూర్తిగా తెగి ఉండవచ్చు. వృషణాలకు దెబ్బ తగిలిందనుకుంటే అల్ట్రాసౌండ్ పరీక్ష చేస్తారు.

ప్రసేకం కేవలం కమిలినప్పుడు విశ్రాంతి, అవసరమైతే కొద్ది రోజులు కాథెటర్ సరిపోతాయి. చిరిగినప్పుడు రెండు మార్గాలు ఉన్నాయి. అనుభవజ్ఞుడైన మూత్రవ్యాధుల శస్త్రవైద్యుడు దుర్భిణి గొట్టంతో చూస్తూ కాథెటర్‌ను జాగ్రత్తగా పంపవచ్చు. లేదా పొత్తికడుపుపై చిన్న రంధ్రం చేసి, నేరుగా మూత్రాశయంలోకి గొట్టం అమర్చవచ్చు. రెండవ పద్ధతిలో మూత్రం గాయాన్ని తాకకుండా వేరే దారిన బయటకు పోతుంది, నలిగిన ప్రసేకానికి మానే వ్యవధి దొరుకుతుంది. మూగదెబ్బతో తెగిన ప్రసేకాన్ని ఆ రోజే కోసి కుట్టడం సాధారణంగా చేయరు. నలిగిన కణజాలంలో బతికేదేదో, చచ్చేదేదో మొదటి రోజున గుర్తించడం కష్టం.

## ఒక ఉదాహరణ

ఈ గాయం నడిచే క్రమాన్ని వివరించడానికి ఒక కల్పిత ఉదాహరణను తీసుకోవచ్చు. 12 ఏళ్ల బాలుడు సాయంత్రం 5 గంటలకు పెద్దవారి సైకిలు తొక్కుతుండగా చైను జారి, పెడల్ ఒక్కసారిగా కిందికి దిగి, అతడు అడ్డ గొట్టంపై పడ్డాడు. కొద్దిసేపు ఊపిరాడనంత నొప్పి వేసి తగ్గింది. సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చాడు. లోదుస్తులపై రూపాయి బిళ్లంత రక్తపు మరక చూసి, సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. రాత్రి 9 గంటలకు మూత్రం పోయబోతే రెండు రక్తపు చుక్కలు తప్ప ఏమీ రాలేదు. ఒంట్లో వేడి చేసిందని భావించి తల్లి రెండు గ్లాసుల మజ్జిగ తాగించింది. 11 గంటలకు పొత్తికడుపు బొడ్డు దాకా ఉబ్బింది. ఈ వయసులో మూత్రాశయం పట్టే పరిమాణం సుమారు 400 మిల్లీలీటర్లు. అది అప్పటికే నిండి దాటింది.

ఆసుపత్రిలో ద్రవంతో తీసిన ఎక్స్‌రేలో ఉబ్బు భాగం వద్ద పాక్షికమైన చిరుగు కనిపించింది. పొత్తికడుపు గుండా గొట్టం అమర్చగానే బాధ తీరింది. మూడు వారాల తరువాత మళ్లీ తీసిన చిత్రంలో ద్రవం ఎక్కడా కారలేదు. గొట్టాన్ని మూసి బాలుడు మామూలుగా మూత్రం పోయగలుగుతున్నాడని నిర్ధారించుకొని తొలగించారు. ఎనిమిది నెలల తరువాత అతడు మరుగుదొడ్డిలో ఎక్కువ సేపు ఉంటున్నాడని తల్లి గమనించింది. ధార సన్నబడి, రెండుగా చీలుతున్నది. పరీక్షలో గాయమైన చోటనే ఒక సెంటీమీటరు పొడవున ప్రసేకం సన్నబడినట్లు తేలింది. ఆ భాగాన్ని కోసివేసి రెండు కొనలను కలిపి కుట్టడంతో ధార మామూలుగా వచ్చింది.

ఈ ఉదాహరణలో జరిగిన పొరపాట్లు రెండు. సాయంత్రం కనిపించిన మరకతోనే ఆసుపత్రికి వెళ్లవలసి ఉండగా ఆరు గంటలు గడిచాయి. తాగించిన మజ్జిగ మూత్రాశయాన్ని మరింత నింపింది. తరువాత వచ్చిన సన్నబాటు మాత్రం ఎవరి పొరపాటూ కాదు. అది ఈ గాయానికి సహజంగా వచ్చే ఉపద్రవం.

## ఆలస్యంగా కనిపించే ఉపద్రవాలు

నలిగిన ప్రసేకం మచ్చకట్టి మానుతుంది. మచ్చ కణజాలం కాలక్రమేణా ముడుచుకొని మూత్రమార్గాన్ని సన్నబరుస్తుంది. ఇది కొన్ని వారాలకు గానీ, కొన్ని సంవత్సరాలకు గానీ బయటపడవచ్చు. చిన్ననాటి సైకిలు దెబ్బను రోగి మరచిపోయిన తరువాత, యౌవనంలో సన్నని ధారతో వైద్యుని వద్దకు రావడం కూడా ఉంది. ధార సన్నబడటం, చీలడం, ముక్కవలసి రావడం, పూర్తిగా ఖాళీ కానట్లు అనిపించడం, తరచుగా మూత్రంలో మంట రావడం దీని లక్షణాలు. ఇటువంటి రోగి పాత దెబ్బ గురించి వైద్యునికి చెప్పడం రోగనిర్ధారణకు ఎంతో తోడ్పడుతుంది.

ప్రసేకం చిరిగినవారిని మానిన తరువాత కూడా మొదటి సంవత్సరమంతా మూత్రధార వేగాన్ని కొలిచే పరీక్షతో గమనిస్తారు. ఉబ్బు భాగంలో రెండు సెంటీమీటర్ల లోపు సన్నబాటును కోసివేసి కొనలు కలిపే శస్త్రచికిత్స చాలా మందిలో శాశ్వత ఫలితాన్ని ఇస్తుంది. గాయం మాని మచ్చ స్థిరపడటానికి సాధారణంగా మూడు నెలలు ఆగి ఈ చికిత్స చేస్తారు.

దెబ్బ తరువాత కొన్ని గంటలకు లేదా రోజులకు నొప్పి లేకుండానే శిశ్నం పాక్షికంగా గట్టిపడి అలాగే ఉండిపోవడం అరుదైన మరొక ఉపద్రవం. లోపలి ధమని చిట్లి రక్తం నేరుగా స్తంభన కణజాలంలోకి చేరడం దీనికి కారణం. దీనిని కూడా దాచకుండా వైద్యునికి చూపించాలి.

## నివారణ

సైకిలు ఎత్తు తొక్కేవారికి సరిపోవాలి. రెండు పాదాలూ నేలపై పూర్తిగా ఆనించి అడ్డ గొట్టానికి ఇరువైపులా నిలబడినప్పుడు, గొట్టానికీ విటపానికీ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. ఎగుడుదిగుడు దారులలో తొక్కే సైకిలుకు ఇంకా ఎక్కువ ఖాళీ అవసరం. పెద్దవారి సైకిలును పిల్లలు తొక్కేటప్పుడు ఈ ఖాళీ ఉండదు. వదులైన చైను, అరిగిన పళ్లచక్రం, నున్నబడిన పెడల్ కాలు జారడానికి కారణాలు కాబట్టి వాటిని సరిచేయించాలి. నిలబడి తొక్కుతున్నప్పుడు చైను జారితే శరీరం నేరుగా గొట్టంపైనే పడుతుంది.